కోట్లు వచ్చాయంటున్నారు సరే, రూపాయి మన సంతలో ఎన్నిసార్లు చేతులు మారింది?



పోస్టు కొంచెం పెద్దదే. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, కానీ లెక్కతో తిట్టండి.

ఈమధ్య రెండు మాటలు విన్నాను. మొదటిది బస్సులో. పక్క సీటాయన మైదాన ప్రాంతం మనిషి. "మీ ఏజెన్సీకి ఎంత పోసినా ఇసకలో నీళ్ళే బాబూ, ఊరికే ఇస్తే తాగేస్తారు" అన్నాడు. రెండోది మనోళ్ళ సభలో. స్టేజీ మీద మన నాయకుడే, "మన మండలానికి ఇన్ని కోట్లు తెచ్చాం" అని చదువుతుంటే మనమందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఇద్దరూ చేస్తున్న తప్పు ఒక్కటే అనిపించింది. రూపాయి ఏజెన్సీ పేరు మీద ఖర్చయితే చాలు, ఏజెన్సీకి అందినట్టే అని ఇద్దరూ అనుకుంటున్నారు. అందలేదు. ఎందుకు అందలేదో చెప్పే లెక్క ఒకటుంది. ఎకనామిక్స్‌లో దాన్ని మల్టిప్లయర్ అంటారు, తెలుగు మీడియం పుస్తకంలో గుణకం అని ఉంటుంది. మనం ఐదు మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేసిన ముక్క అది.

ముందు ఆ ముక్క ఏంటో చూద్దాం.

మా అమ్మకి పనికెళ్తే వంద రూపాయలు వచ్చాయనుకోండి. అది అమ్మ ఆదాయం. అందులోంచి ఊళ్ళోనే ఒకామె దగ్గర 30 రూపాయలకి కూరగాయలు కొంది. ఆ 30 ఇప్పుడు ఆ కూరగాయలామె ఆదాయం. ఆమె అందులోంచి 9 రూపాయలు పెట్టి ఊళ్ళో టైలర్ దగ్గర జాకెట్టు కుట్టించుకుంది. ఆ 9 టైలర్ ఆదాయం. అతను 2 రూపాయల 70 పైసలు మళ్ళీ ఊళ్ళోనే ఖర్చు పెట్టాడు. సర్కారు ఇచ్చింది వందే. కానీ ఊళ్ళో అందరి ఆదాయాలు కలిపితే 100 + 30 + 9 + 2.70... ఇలా పోయి పోయి సుమారు 143 దగ్గర ఆగుతుంది. కొత్త నోటు ఎవరూ ముద్రించలేదు. ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయం, అంతే. రూపాయి రూపాయి కంటే ఎక్కువ కావడమంటే ఇదే.

1931లో రిచర్డ్ కాన్ అనే ఇంగ్లాండు ఆర్థికవేత్త ఈ లెక్క వేశాడు. అప్పుడు ప్రపంచమంతా మాంద్యం, పనుల్లేక జనం ఖాళీగా ఉన్నారు. ప్రభుత్వం ఒకరికి పని ఇస్తే, అతని ఖర్చు వల్ల ఇంకెంతమందికి పని దొరుకుతుంది అనేది ఆయన ప్రశ్న. 1936లో కీన్స్ తన పుస్తకంలో దీన్నే పెద్దది చేసి చెప్పాడు. సూత్రం చిన్నది. ప్రతి చుట్టులో ఎంత భాగం తిరిగి ఇక్కడే ఖర్చవుతుందో దాన్ని ఒకటిలోంచి తీసెయ్యండి, మిగిలినదానితో ఒకటిని భాగించండి. పైన 30 పైసలు తిరిగాయి కాబట్టి 1 ÷ (1 − 0.3) = 1.43. అదే 50 పైసలు తిరిగితే 1 ÷ 0.5 = 2. అంటే అదే వంద రెండు వందలు అవుతుంది. 60 పైసలు తిరిగితే 2.5.

ఇక్కడే అసలు గొడవ ఉంది. డిగ్రీ పుస్తకంలో ఇచ్చే ఉదాహరణ చూడండి. జనం రూపాయిలో 80 పైసలు ఖర్చు పెట్టి 20 పైసలు దాచుకుంటారు, కాబట్టి గుణకం 5 అని ఉంటుంది. డబ్బున్నోడు ఎక్కువ దాచుకుంటాడు, లేనోడు వచ్చింది వచ్చినట్టు ఖర్చు పెడతాడు. ఆ లెక్కన లేనోళ్ళు ఎక్కువున్న చోట గుణకం అన్నిటికన్నా పెద్దదిగా ఉండాలి. మా అమ్మ వందలో 90 ఖర్చు పెడుతుంది, 10 అప్పుకి కడుతుంది. పుస్తకం ప్రకారం మా ఊళ్ళో గుణకం 10 రావాలి. మరి వచ్చింది 1.43 ఎందుకు?

ఎందుకంటే ఆ 90లో 60 రూపాయలు సంత రోజు సాయంత్రానికి ఘాట్ దిగిపోయాయి. నూనె ప్యాకెట్, సబ్బు, ఎండు చేప, ప్లాస్టిక్ బిందె, ఫోన్ రీచార్జి. అమ్మినాయన వ్యాన్‌లో పొద్దున వచ్చి చీకటి పడేలోపు వెళ్ళిపోయాడు. దేశాల లెక్కలో దీన్ని దిగుమతి అంటారు. దేశానికి దిగుమతి ఉన్నట్టే ఊరికీ దిగుమతి ఉంటుంది. పుస్తకంలో ఆదాను పెద్ద కంతగా చూపిస్తారు. మనకి ఆదా అనేదే లేదు, మన కంత దిగుమతి. కుండ అడుగున చిల్లు పెట్టుకుని, పైనుంచి ఎన్ని బిందెలు పోశారని లెక్క చెప్పుకుంటున్నాం మనం.

(ఈ 30, 60 అంకెలు మా ఇంటి పద్దు చూసి నేను సుమారుగా వేసినవి. మీ ఊళ్ళో వేరేగా ఉండొచ్చు. పద్ధతి మాత్రం అదే.)

బస్సులో ఆయనకి ఇప్పుడు జవాబు చెప్తాను. ఏజెన్సీకి వచ్చిన రూపాయి ఇసకలో ఇంకిపోలేదండీ, మీ ఊరికే వచ్చింది. మా పేరు మీద విడుదలైన డబ్బు మీ హోల్‌సేల్ కొట్టులో, మీ లారీ ఓనరు దగ్గర, మీ సిమెంటు డీలరు దగ్గర ఆదాయంగా తేలింది. అక్కడి నుంచి మీ ఊళ్ళోనే నాలుగు చేతులు మారింది. దేశం మొత్తం మీద లెక్కేస్తే గుణకం ఎక్కడికీ పోలేదు. బడ్జెట్ పుస్తకంలో పేరు మాది, గుణకం మీది. తాగేస్తారన్న మాటకి కూడా లెక్కే చెప్తాను. మా గూడెంలో గీసిన జీలుగు కల్లు కొంటే ఆ డబ్బు గీసినోడికి చేరుతుంది. షాపు సీసా కొంటే చాలా భాగం పన్నుగా, కంపెనీ సొమ్ముగా బయటికే పోతుంది. తాగమని చెప్పట్లేదు, రూపాయి దారి చెప్తున్నాను.

ఇప్పుడు స్టేజీ మీది మాటకి వద్దాం. ఒక పంచాయతీకి 10 లక్షలు వచ్చాయనుకుందాం. రెండు దారుల్లో ఖర్చు పెట్టి చూద్దాం.

మొదటి దారి. కాంట్రాక్టరుకి ఇచ్చి సిమెంటు రోడ్డు వేయించారు. సిమెంటు, కంకర, ఇనుము బయటివి. జేసీబీ బయటిది, దాని డ్రైవరు కూడా బయటోడే. డీజిల్ బయటిది. కాంట్రాక్టరు లాభం పట్నంలో. మనోళ్ళకి కూలీగా మహా అయితే లక్ష వచ్చిందనుకోండి. ఆ లక్షకి గుణకం 1.43 కడితే ఊరి ఆదాయం లక్షా 43 వేలు. శిలాఫలకం మీద మాత్రం 10 లక్షలు.

రెండో దారి. 2005 ఉపాధి హామీ చట్టంలో ఒక నియమం రాశారు. ఖర్చులో కనీసం 60 శాతం కూలీకే పోవాలి, సామాను మీద 40 శాతం దాటకూడదు, మధ్యలో కాంట్రాక్టరు ఉండకూడదు. అది దయతో రాసింది కాదు, లెక్క తెలిసి రాసింది. ఆ లెక్కన 10 లక్షల్లో 6 లక్షలు కూలీ. దానికి అదే 1.43 కడితే 8 లక్షల 58 వేలు. శాంక్షన్ ఒకటే, ఊరు ఒకటే. ఊరి ఆదాయంలో తేడా మాత్రం ఆరు రెట్లు. ఇందులో గుణకం ఇంకా మారలేదు చూడండి. మొదటి చుట్టు ఎవరి చేతిలో పడిందన్న ఒక్క తేడాకే ఇంత వచ్చింది. దీనికి తోడు తిరిగే భాగాన్ని 30 పైసల నుంచి 50 పైసలకి పెంచగలిగితే ఆ 6 లక్షలు 12 లక్షలవుతాయి. అంటే ఖర్చు పెట్టిన 10 లక్షల కంటే ఊరి ఆదాయమే ఎక్కువ.

"అయితే రోడ్డు వద్దా?" అని అడుగుతారు. కావాలి. డోలీ కట్టి గర్భిణిని మోసిన ఊరికి రోడ్డు ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు. రోడ్డు విలువ రోడ్డుకుంది. కానీ రోడ్డు ఖర్చుని మన ఆదాయంగా చూపించొద్దు. అది ఒక లెక్క, ఇది ఇంకో లెక్క.

ఇదంతా కాగితం మీది కథ అనుకునేవాళ్ళకి నిజంగా కొలిచిన కథ ఒకటి చెప్తాను. కెన్యాలో సియాయా అనే కౌంటీ ఉంది, పల్లెటూళ్ళ ప్రాంతం. అక్కడ 2014 నుంచి మూడేళ్ళలోపు 653 ఊళ్ళ మధ్య ఒక సంస్థ పదివేలకు పైగా పేద కుటుంబాలకి ఒక్కొక్కరికి సుమారు వెయ్యి డాలర్లు నేరుగా ఇచ్చింది. ఏ ఊరికి ఇవ్వాలో, ఏ ఊరికి ఇవ్వకూడదో లాటరీ పద్ధతిలో తేల్చారు, తర్వాత పోల్చి చూడడానికి. ఎగ్గర్, మిగ్వెల్ మరికొందరు ఆర్థికవేత్తలు ఇళ్ళూ కొట్లూ తిరిగి లెక్క తీశారు, 2022లో అచ్చయింది. ఆ ప్రాంతంలో ఇచ్చిన ప్రతి డాలరుకి ఆదాయం సుమారు రెండున్నర డాలర్లు పెరిగింది. డబ్బు అందుకోని కుటుంబాల ఖర్చు కూడా పెరిగింది, ఎందుకంటే అందుకున్నోళ్ళు వాళ్ళ దగ్గర కొన్నారు, వాళ్ళని పనికి పిలిచారు. ధరలు మండిపోతాయని భయపడ్డారు, సగటున ఒక శాతం కూడా పెరగలేదు. కారణం ఏంటంటే అక్కడి చిన్న కొట్లు, మిల్లులు, టైలర్లు అప్పటిదాకా సగం ఖాళీగానే కూర్చున్నారు. గిరాకీ రాగానే ఉన్న మిషనుతోనే ఎక్కువ పని చేశారు.

"కెన్యాలో వచ్చిన రెండున్నర మనకూ వస్తుంది" అని మాత్రం ఎవరూ పోస్టర్ వేయొద్దు. అక్కడ కొట్టు అక్కడి వాళ్ళదే, కొలిచింది కూడా పెద్ద ప్రాంతం. ఒక్క గూడేన్ని తీసుకుంటే గుణకం చిన్నగానే ఉంటుంది, గూడెం దాటి పక్క ఊరికి పోయినా కారినట్టే లెక్క కదా. ఒక సంతకి వచ్చే ఊళ్ళన్నీ కలిపి చూస్తే అదే రూపాయి లోపలే ఉన్నట్టు. అందుకే మనం లెక్క వేయాల్సింది ఊరికి కాదు, సంతకి.

ఇక మన గ్రూపులో తరచుగా వచ్చే నినాదం. "మనోళ్ళ షాపులోనే కొందాం." మంచి మాటే, కానీ చాలదు. మన తమ్ముడు షాపు పెట్టి వంద రూపాయల సబ్బులు అమ్మితే, ఎనభై తొంభై రూపాయలు హోల్‌సేలరుకి తిరిగి కట్టాలి. ఊళ్ళో మిగిలేది ఆ పదో పదిహేనో. అమ్మకాన్ని ఆదాయం అనుకోవడం గుణకం లెక్కలో అందరూ చేసే తప్పు. "మా మేళాలో ఇన్ని లక్షల వ్యాపారం జరిగింది" అని ఎవరైనా అంటే, వ్యాపారం కాదు, ఇక్కడ మిగిలిందెంత అని అడగండి. షాపు ఎవరిదన్నది ఒక ప్రశ్న, సరుకు ఎక్కడ తయారైందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

వలిసెలనే తీసుకోండి. పువ్వు పూసినప్పుడు టూరిస్టులొచ్చి ఫోటోలు దిగిపోతారు. గింజలు మనం వ్యాపారికి అమ్మేస్తాం, వంటకి నూనె ప్యాకెట్ కొనుక్కుంటాం. లెక్క కోసం 60 రూపాయల గింజలు అమ్మి 100 రూపాయల నూనె కొంటున్నాం అనుకుందాం. 60 లోపలికి వచ్చింది, 100 బయటికి పోయింది. సంత దగ్గర గానుగ ఒకటి ఉండి ఆ గింజలనే ఆడించుకుంటే లాభం వంద అని చెప్పేస్తారు మనోళ్ళు. కాదు. గింజలు అమ్మితే వచ్చే 60 ఇప్పుడు రాదు కదా. మిగిలేది 40, అందులోంచి కరెంటు, మిషను ఖర్చు బయటికి పోతే 25 - 30. ఆ 25 - 30 మాత్రం నిజంగా కొత్తది, ఆడించినోడి కూలీగా, పిండి చెక్కగా ఇక్కడే ఉంటుంది. ఇంకో సంగతి. ప్యాకెట్ కంటే గానుగ నూనె ధర ఎక్కువైతే, గుణకం పేరు చెప్పి మా అమ్మని ఎక్కువ పెట్టి కొనమనే హక్కు మనకి లేదు. ఆ భారం మోయాల్సింది సర్కారు. ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ళు, అంగన్‌వాడీలు మన మధ్యనే ఉన్నాయి, రోజూ కొంటాయి, డబ్బు ప్రభుత్వానిది. ఆ కూరగాయలు, గుడ్లు, చోళ్ళు, రాజ్‌మా ఘాట్ ఎక్కి రావాల్సిన పనేంటి? మన పొలం పక్కనున్న హాస్టల్‌కి మైదానం నుంచి కూరగాయల వ్యాను వస్తుంటే మనం ఊరుకుంటున్నాం. నా కోపం అక్కడ.

ఇంకో కోపం మన మీదే. చేదుగా ఉన్నా చెప్తాను. ఏజెన్సీలో పెద్ద ఆదాయం కూలీ కాదు, జీతాలు. టీచర్లు, నర్సులు, ఆఫీసు ఉద్యోగులు. జీతం పడేది ఇక్కడి పోస్టు మీద, కాపురం మైదానంలో. వారానికోసారి టిఫిన్ బాక్సుతో సహా దిగుమతి. బయటోళ్ళ సంగతి సరే, మన రిజర్వేషన్‌లో ఉద్యోగం తెచ్చుకున్న మన అన్నలు, అక్కలు ఎంతమంది పట్నంలో ఇల్లు కట్టి, పిల్లల ఫీజులు అక్కడే కట్టి, ఏడాదికోసారి పండక్కి వస్తున్నారు? వాళ్ళు తప్పు చేశారని అనట్లేదు, పిల్లల చదువు కోసం వెళ్ళారు. కానీ మన ఊరి నుంచి ఉద్యోగస్తుడు తయారైతే ఊరు బాగుపడుతుందని అనుకుంటాం. ఆయన జీతం ఇక్కడ ఒక్క చుట్టు కూడా తిరగకపోతే ఊరికి మిగిలేది ఫ్లెక్సీ మీద ఫోటో. రేపు ఉద్యోగం వచ్చాక ఇది మీకూ నాకూ కూడా వర్తిస్తుంది.

ఈ లెక్కకి హద్దులూ ఉన్నాయి. అవి చెప్పకపోతే నేనూ స్టేజీ మీదోడినే అవుతాను.

గుణకం ఖాళీ చేతులున్న చోటే పని చేస్తుంది. ఎండాకాలంలో కోతలైపోయి జనం ఖాళీగా ఉన్నప్పుడు పని పెడితే అది కొత్త ఆదాయం. వానలు పడి నాట్లు వేసే రోజుల్లో అదే పని పెడితే పొలం పని మానుకుని వస్తారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే. అలాగే హాస్టల్‌కి రోజుకి రెండొందల గుడ్లు కావాలి, ఊళ్ళో నలభై కోళ్ళున్నాయనుకోండి. ఆర్డరు తెచ్చిన మర్నాడు గుడ్ల ధర పెరుగుతుంది, పిల్లల ప్లేటులో గుడ్డు మాయమవుతుంది, కాంట్రాక్టరు నవ్వుతాడు. ముందు కోళ్ళు, తర్వాత ఆర్డరు. డబ్బు పోసినా సరుకు పెరగక ధర ఒక్కటే పెరుగుతుంటే, అక్కడ గుణకం ఆగిపోయిందని గుర్తు.

ఇంకొకటి, ఆలస్యం. చేసిన పనికి 15 రోజుల్లో కూలీ ఇవ్వాలని ఆ 2005 చట్టంలోనే రాశారు. రెండు మూడు నెలలు ఆగితే మా అమ్మలాంటివాళ్ళు షావుకారు దగ్గర వడ్డీకి తెస్తారు. కూలీ పడిన రోజున మొదటి చుట్టే వడ్డీకి పోతుంది. పేపర్లో చెల్లింపు పూర్తి అని ఉంటుంది, సంతలో రూపాయి కనబడదు.

అందుకే చప్పట్లు కొట్టే ముందు ఇకమీదట మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇన్ని కోట్లలో మనోళ్ళ చేతికి కూలీగా, సరుకు ధరగా నేరుగా వచ్చిందెంత? వచ్చినదాంట్లో ఎన్ని పైసలు ఈ సంత పరిధిలోనే మళ్ళీ ఖర్చయ్యాయి? ఆ పైసలు పెరగడానికి ఈ ఏడాది ఇక్కడ ఏ సరుకు కొత్తగా తయారైంది? మూడింటికీ జవాబు లేకపోతే ఆ కోట్లు మనవి కావు.

అడగాలంటే మన దగ్గర లెక్క ఉండాలి. వచ్చే సంత రోజున ఒక్కొక్కరు ఒక్క పని చేయండి. ఇరవై దుకాణాల ముందు నిలబడి రెండే రాసుకోండి: అమ్మేవాళ్ళు ఏ ఊరు, సరుకు ఏ ఊరిది. సాయంత్రం పది ఇళ్ళకి వెళ్ళి, ఈ వారం వందలో ఎంత ఎక్కడ పెట్టావమ్మా అని అడగండి. పేర్లు వద్దు, అంకెలు చాలు. మీ సంత గుణకం మీకే తెలుస్తుంది. నేను వేసిన 30 పైసలు తప్పని తేలితే నాకన్నా సంతోషించేవాడు ఉండడు.

మా సంత శుక్రవారం. నా కాగితం ఆ రాత్రికే ఇక్కడ పెడతాను. మీవి కింద పెట్టండి.

జోహార్.